గరుడుడు స్వామికిచ్చిన వరం

గుడిలో వాహనాన్ని చూసిన ప్రతి పిల్లా పిల్లాడూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. “దేవుడు అన్నిచోట్లా ఉంటాడన్నారు కదా, మరి ఎక్కడికైనా వెళ్లడానికి ఆయనకి పక్షి ఎందుకు, ఎద్దు ఎందుకు?” ప్రశ్నలో తప్పేమీ లేదు. దానికి మనం సాధారణంగా చెప్పే జవాబులోనే పస తక్కువ. ఎలుక అంటే కోరిక, నెమలి అంటే గర్వం, సింహం అంటే ధైర్యం అని ఒక్కో మాటలో తేల్చేస్తాం. పిల్లలు తలూపుతారు, మర్నాటికి మరిచిపోతారు. ఆ జంతువు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చింది, స్వామి దగ్గరకు ఎలా చేరింది అన్న కథ చెబితే అర్థం అందులోంచే వస్తుంది. అలా వచ్చిన అర్థం పిల్లల మనసులో నిలుస్తుంది కూడా. తెలుగువాళ్లకు బాగా తెలిసిన తిరుమల బ్రహ్మోత్సవాలనే తీసుకుని ఆ కథను చూద్దాం.

ముందు గుడిలో వాహనం చేసే పని ఏమిటో పిల్లలకు తెలియాలి. గర్భాలయంలో ఉన్న మూలవిరాట్టు కదలదు. వైఖానస ఆగమం ఆ మూర్తిని ధ్రువబేరం అంటుంది. ఊరేగింపుల కోసం ఉత్సవమూర్తి వేరుగా ఉంటుంది. తిరుమలలో ఆ ఉత్సవమూర్తే మలయప్పస్వామి, ఇరువైపులా శ్రీదేవి, భూదేవి. గుడిలోపలికి రాలేనివాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, గంటల తరబడి వరుసలో నిలబడలేనివాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లందరికీ కనిపించడానికి స్వామే బయటికి వస్తాడు. ఆలయం చుట్టూ ఉన్న నాలుగు మాడవీధుల్లో, మోత కర్రల మీద భుజాలకెత్తుకుని ఆయన్ని తిప్పుతారు. కాబట్టి పిల్లవాడి ప్రశ్నకు మొదటి జవాబు సులువు. వాహనం అవసరం స్వామికి కాదు, ఆయన్ని ఎత్తులో, దగ్గరగా, కళ్లనిండా చూడాలనుకునే మనకు.

అయితే పీట మీద కూర్చోబెట్టి మోసినా ఆ పని జరిగిపోతుంది. పాము, హంస, సింహం, గద్ద, కోతి, ఏనుగు, గుర్రం ఇన్ని రూపాలు ఎందుకు? తొమ్మిది రోజుల ఉత్సవంలో మొదటి రాత్రి పెద్దశేష వాహనం, చివరగా ఎనిమిదో రాత్రి అశ్వ వాహనం. మధ్యలో అయిదో రాత్రి గరుడ వాహనం. మిగతా రోజుల కన్నా ఎన్నో రెట్ల జనం ఆ ఒక్క రాత్రికి కొండెక్కుతారు. మూలవిరాట్టుకు అలంకరించే మకరకంఠి, లక్ష్మీహారం, సహస్రనామమాల ఆ రాత్రి మలయప్పస్వామి మెడలోకి వస్తాయి. గర్భాలయంలోని స్వామే వీధిలోకి వచ్చాడని భక్తులు అనుకోవడానికి అదొక కారణం. మరి గరుడుడికే అంత ప్రత్యేకత ఎందుకో తెలియాలంటే మహాభారతం ఆదిపర్వంలోకి వెళ్లాలి. నన్నయగారు తెనిగించిన భాగంలోనే ఆ కథ ఉంది.

కశ్యపుడికి కద్రువ, వినత అని ఇద్దరు భార్యలు. కద్రువ వెయ్యిమంది నాగుల్ని కొడుకులుగా కోరుకుంది. వినత ఇద్దరే చాలంది, కానీ వాళ్లు ఆ వెయ్యిమందినీ మించినవాళ్లు కావాలంది. కద్రువ గుడ్లు ముందుగా పిగిలాయి. వినత ఓపిక పట్టలేక తన రెండు గుడ్లలో ఒకదాన్ని చిదిపింది. నడుము కింద రూపు కట్టని కొడుకు బయటికి వచ్చాడు. అతనే అనూరుడు. నీ తొందర వల్ల నాకిలా అయింది, నువ్వు నీ సవతికి దాసివవుతావు, రెండో గుడ్డునైనా కాపాడుకో, అందులోంచి వచ్చేవాడే నిన్ను విడిపిస్తాడు అని చెప్పి, సూర్యుడి రథానికి సారథిగా వెళ్లిపోయాడు.

ఒకరోజు అక్కచెల్లెళ్లిద్దరూ ఉచ్చైశ్శ్రవం అనే దేవతల గుర్రాన్ని చూశారు. ఒళ్లంతా తెలుపేనంది వినత. తోక నలుపంది కద్రువ. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు దాసి కావాలని పందెం. కద్రువకు తను ఓడిపోతానని తెలుసు. అందుకే ఆ తోకకు చుట్టుకుని నల్లగా కనిపించమని కొడుకుల్ని పురమాయించింది. అది అన్యాయం, చేయం అన్నవాళ్లను శపించింది. మర్నాడు చూసేసరికి తోక నల్లగా ఉంది. వినత దాసి అయింది.

ఇక్కడే పిల్లల్ని ఒక్కక్షణం ఆపి చెప్పాల్సిన సంగతి ఉంది. రెండో గుడ్డులోంచి పుట్టిన గరుడుడు మొదట విష్ణువుకు వాహనం కాదు, పాములకు వాహనం. దాసి కొడుకు కాబట్టి సవతితల్లి కొడుకుల్ని వీపున ఎక్కించుకుని, వాళ్లు ఎక్కడికంటే అక్కడికి మోసుకెళ్లేవాడు. ఇంత బలం ఉన్న నేను వీళ్లని ఎందుకు మోయాలమ్మా అని ఓనాడు తల్లిని అడిగాడు. ఆమె జరిగింది చెప్పింది. గరుడుడు నేరుగా పాముల దగ్గరికి వెళ్లి, మా అమ్మని వదిలిపెట్టడానికి ఏం కావాలని అడిగాడు. దేవలోకం నుంచి అమృతం తెచ్చిపెట్టమన్నాయవి.

అమృతం దాచినచోట దేవతలు కాపలా ఉన్నారు. చుట్టూ మంటలు, వాటి లోపల గిర్రున తిరిగే పదునైన చక్రం, దాని కింద రెప్పవేయని రెండు పాములు. గరుడుడు వాటన్నిటినీ దాటి కలశాన్ని అందుకున్నాడు. ఒక్క గుక్క తాగితే చావు లేదు. అడిగేవాళ్లు కూడా ఎవరూ లేరు. అయినా చుక్క కూడా ముట్టకుండా కలశం పట్టుకుని ఎగిరిపోతున్నాడు. అది విష్ణువు చూశాడు. ఆయన్ని మెప్పించింది గరుడుడి బలం కాదు, ఆశ లేకపోవడం. ఏం వరం కావాలో కోరుకోమన్నాడు. నీకంటే పైన ఉండాలి, అమృతం తాగకుండానే చావు, ముసలితనం లేకుండా ఉండాలి అన్నాడు గరుడుడు. విష్ణువు ఇచ్చాడు.

ఆ వెంటనే గరుడుడు ఒక చిత్రమైన మాట అన్నాడు. నేను కూడా నీకు వరమిస్తాను, నువ్వూ కోరుకో అన్నాడు. దేవుడికి వరమిస్తానన్నాడన్నమాట! విష్ణువు కోపగించుకోలేదు. నాకు వాహనంగా ఉండమని అడిగాడు. గరుడుడు సరేనన్నాడు. పైన ఉండాలన్న కోరిక తీరడానికి విష్ణువు అతన్ని తన జెండా మీద నిలిపాడు.

నా మటుకు వాహనాల గురించి పిల్లలకు చెప్పదగ్గ కథల్లో ఇంతకు మించింది లేదు. మోయడం గరుడుడికి కొత్త కాదు. పాముల్ని మోసినప్పుడు అది బానిసతనం, ఎందుకంటే ఎవరూ అతని ఇష్టం అడగలేదు. విష్ణువు అడిగాడు, గరుడుడు ఒప్పుకున్నాడు. పనిలో తేడా ఏమీ లేదు. తేడా అంతా అడగడంలోనే ఉంది. ఎవరి బ్యాగు వాళ్లు మోయలేకపోతే స్నేహితుడు తీసుకోవడానికీ, బెదిరించి మోయించడానికీ ఉన్న తేడా బడికి వెళ్లే పిల్లలకు మనం వివరించక్కర్లేదు.

కథ చివర కూడా పిల్లలకు నచ్చుతుంది. ఇంద్రుడు వజ్రాయుధం విసిరినా గరుడుడికి ఏమీ కాలేదు. ఆ ఆయుధం మీద గౌరవంతో ఒక్క ఈక రాల్చాడంతే. తర్వాత ఇద్దరూ స్నేహితులై ఒక మాట అనుకున్నారు. గరుడుడు అమృతాన్ని దర్భల మీద పెట్టి, స్నానం చేసి వచ్చి తాగమని పాములకు చెప్పాడు. తెచ్చిపెడతానన్న మాట నెగ్గింది, తల్లి దాస్యం తీరింది. పాములు స్నానానికి వెళ్లగానే ఇంద్రుడు కలశం తీసుకుపోయాడు. తిరిగొచ్చిన పాములు దర్భల్ని నాకితే వాటి నాలుకలు రెండుగా చీలాయి. పాము నాలుక ఎందుకు చీలి ఉంటుందో చెప్పడానికి మనవాళ్లు అల్లుకున్న జవాబది. నిజానికి చీలిన నాలుకతో పాము వాసన ఏ దిక్కునుంచి వస్తోందో పసిగడుతుంది. కథతో పాటు ఈ సంగతీ చెబితే పిల్లలు రెండిటినీ గుర్తుపెట్టుకుంటారు.

మరి పాములు ఇంత మోసం చేస్తే బ్రహ్మోత్సవాల్లో మొదటి వాహనం పామెందుకు? జవాబు ఆ ఆదిపర్వంలోనే ఉంది. కద్రువ కొడుకుల్లో పెద్దవాడు ఆదిశేషుడు. వినతకు, ఆమె కొడుకులకు తన తమ్ముళ్లు చేసిన ద్రోహం చూడలేక ఇల్లు వదిలి తపస్సుకు వెళ్లిపోయాడు. ఏం కావాలని బ్రహ్మ అడిగితే, ధర్మం తప్పకుండా ఉండే మనసు కావాలన్నాడు. బ్రహ్మ భూమిని మోసే పని అప్పగించాడు. అదే శేషుడు విష్ణువుకు పడక. గరుడుడికి పాములతో పగ ఉన్నా శేషుడితో లేదు. ఇద్దరూ ఒకే స్వామి దగ్గర ఉన్నారు, ఒకే వారంలో ఆయన్ని మోస్తారు. అందరూ చేస్తున్నారని తానూ చేయనివాడు శేషుడు. మాడవీధుల్లో చూసేటప్పుడు పడగలు లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. పెద్దశేష వాహనానికి ఏడు పడగలు, రెండోరోజు పొద్దున వచ్చే చిన్నశేష వాహనానికి అయిదు.

పాము విషయంలో ఇంకో మాట ఉంది. జంతువుల్ని, చెట్లని కొలిచే పాత ఆరాధనలు పెద్ద దేవుళ్ల పూజలో కలిసిపోయి వాహనాలయ్యాయని కొందరు పండితుల వాదన. ఎలుకకో హంసకో ఇది ఎంతవరకు వర్తిస్తుందో గాని, పాముకు మాత్రం బాగా నప్పుతుంది. కార్తికంలో నాగుల చవితినాడు మనం పుట్టకు పాలు పోసేది విష్ణువు పడక అనో శివుడి మెడలో హారం అనో కాదు, పాముకే. ఆ పూజ దాని దారిన అది ఇప్పటికీ నడుస్తోంది.

ఇక జెండా సంగతి. బ్రహ్మోత్సవం మొదలయ్యేది వాహనంతో కాదు, ధ్వజారోహణంతో. గరుడుడి బొమ్మ గీసిన పటాన్ని ధ్వజస్తంభానికి ఎగరేస్తారు. దేవతలందరినీ ఉత్సవానికి పిలవడానికి గరుడుడు పైకి వెళ్లాడని నమ్మకం. కొండ కింద తిరుచానూరులో పద్మావతి అమ్మవారి కార్తిక బ్రహ్మోత్సవాలకైతే ఎగిరేది గజ పటం. అక్కడ అయిదో రాత్రి జనం ఎదురుచూసేది కూడా గజ వాహనం కోసమే. జంతువును చూస్తే అది ఎవరి ఉత్సవమో తెలుస్తుంది. చదువు రానివాళ్లు కూడా ఓటు వేయగలగాలని ఎన్నికల్లో పార్టీలకు గుర్తులు పెట్టినట్టే ఇదీ.

ఈ జెండా పద్ధతి చాలా పాతది. మధ్యప్రదేశ్‌లోని విదిశ దగ్గర బేస్‌నగర్‌లో ఒక రాతి స్తంభం ఉంది. తక్షశిల నుంచి రాయబారిగా వచ్చిన హెలియోడోరస్ అనే గ్రీకువాడు క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో దాన్ని నిలబెట్టాడు. దాని మీద బ్రాహ్మీ లిపిలో ఉన్న శాసనం దాన్ని వాసుదేవుడి గరుడధ్వజం అని చెబుతుంది. అంటే రెండు వేల ఏళ్ల కిందటే గరుడుడు విష్ణువుకు గుర్తు.

అన్ని వాహనాలూ అంత తొందరగా స్థిరపడలేదు. తిరుపతికి దగ్గర్లోనే గుడిమల్లం ఉంది. అక్కడి శివలింగం దేశంలోకెల్లా పాత లింగాల్లో ఒకటి. దాని మీద చెక్కిన శివుడు ఎద్దు మీద లేడు, ఒంగి కూర్చున్న పొట్టి యక్షుడి భుజాల మీద నిలబడ్డాడు. నంది ఎక్కడా కనిపించడు. కుషాణుల రాజు విమ కడ్ఫిసెస్ నాణేలకు వచ్చేసరికి శివుడి వెనక ఎద్దు నిలబడి ఉంది. మన లేపాక్షిలో 16వ శతాబ్దంలో ఒకే బండను మలిచి చేసిన నంది దాదాపు 27 అడుగుల పొడవుంటుంది. ఈ మూడింటినీ వరసగా పెట్టి చూస్తే, దేవుడి పక్కన జంతువుకు చోటు నెమ్మదిగా ఎలా పెరిగిందో కళ్లకు కడుతుంది.

లేపాక్షికో మహానందికో వెళ్లినప్పుడు నంది కూర్చున్న తీరు గమనించమనండి. నంది శివుడి కింద ఉండడు, ఎదురుగా కూర్చుని ఆయన్నే చూస్తుంటాడు. తిరుమలలో కూడా గర్భాలయానికి సూటిగా ఎదురుగా గరుడుడు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. బండిని వాకిట్లో ఒక పక్కన నిలుపుతాం గాని మనకు ఎదురుగా నిలుపుకోం. ఎదురుగా ఉండేది మనతో మాట్లాడేవాళ్లు. వాహనం అంటే అందరికంటే ముందు వచ్చి చేరిన భక్తుడు. మిగతా భక్తులు ఆ నంది వెనక నిలబడి, కొమ్ముల మధ్యనుంచి శివుణ్ని చూస్తారు.

తిరుమలలో ప్రతి వాహనానికీ స్వామి అలంకారం కూడా మారుతుంది. పిల్లలకు ఇదొక ఆటలా ఉంటుంది, వాహనం చూసి స్వామి ఏ వేషంలో ఉన్నాడో చెప్పమనొచ్చు. హంస మీద వీణ పట్టుకుని సరస్వతిలా కూర్చుంటాడు. హంస పాలను, నీళ్లను వేరుచేస్తుందంటారు. నిజమైన హంసకు ఆ విద్య రాదు. అది కవులు ఒప్పుకున్న మాట. వినే మాటల్లో మంచిని ఏరుకోవాలన్న సంగతి చెప్పడానికి పక్షిని తోడు తెచ్చుకున్నారు. హనుమంత వాహనం మీద స్వామి కోదండరాముడు. ఇది వట్టి ఊహ కాదు. రావణుడు రథం మీద నుంచి, రాముడు నేల మీద నుంచి పోరాడుతుంటే, నా వీపు ఎక్కి యుద్ధం చెయ్యి స్వామీ అని హనుమంతుడే అడిగినట్టు వాల్మీకి రామాయణం యుద్ధకాండలో ఉంది. గరుడుణ్ని విష్ణువు అడిగాడు, ఇక్కడ హనుమంతుడే రాముణ్ని అడిగాడు. ఆ సాయంత్రం దాటాక రాత్రికి ఏనుగు వస్తుంది. గజేంద్రుడి కథ తెలియని తెలుగు పిల్లలు తక్కువ కాబట్టి దాన్ని వాళ్లచేతే చెప్పించవచ్చు. మొసలి నోట కాలు చిక్కి మొరపెట్టిన ఏనుగు కోసం స్వామి పరుగున వచ్చాడు. ఇప్పుడు ఆ ఏనుగు ఆయన్ని మోస్తోంది.

అన్ని వాహనాలూ ఇలా ఇష్టంగా వచ్చినవేనా అంటే కాదు. గణపతి ఎలుక ఓడిపోయి వచ్చింది. క్రౌంచుడనే గంధర్వుడు వామదేవ ముని కాలు తొక్కి, ఎలుకవై పుట్టమని శాపం తిన్నాడని గణేశ పురాణం చెబుతుంది. ఆ ఎలుక కొండంత పెరిగి పంటలు, ఆశ్రమాలు పాడుచేస్తుంటే గణపతి పాశం వేసి పట్టుకుని వాహనంగా చేసుకున్నాడు. అంత పెద్ద పొట్ట ఉన్న స్వామి చిట్టెలుక మీద ఎలా కూర్చుంటాడని పిల్లలు నవ్వితే ఈ కథ చెప్పండి. ఎలుక అంటే కోరిక అన్న అర్థం తర్వాతి వ్యాఖ్యానాల్లో వచ్చింది, తప్పు కూడా కాదు. కానీ రైతుల ఇంట పుట్టినవాళ్లకు మొదట తట్టేది గాదెలో ధాన్యాన్ని తినే ఎలుకే. చవితి నాటికి పొలంలో పైరు ఉంటుంది. దాన్ని పాడుచేసే ప్రాణి గణపతి అదుపులో ఉందంటే వాళ్లకు విఘ్నేశ్వరుడన్న పేరు ఇంకా దగ్గరగా అర్థమవుతుంది. గణపతికి ఎలుక ఒక్కటే వాహనం అనుకోవడం కూడా సరికాదు. ముద్గల పురాణంలో వక్రతుండుడు సింహం మీద, వికటుడు నెమలి మీద, విఘ్నరాజు శేషుడి మీద వస్తారు. అర్థాల పట్టికను బట్టీ పట్టిస్తే ఇక్కడే చిక్కు వస్తుంది. ఒకే జంతువుకు ఒకచోట ఒక అర్థం, మరోచోట మరో అర్థం ఉంటుంది. బెంగాల్‌లో లక్ష్మీదేవి పక్కన గుడ్లగూబ ఉంటుంది. తెలుగు ఇళ్లలో గుడ్లగూబ అరిస్తే కీడని కంగారుపడతారు, మన లక్ష్మికి ఇరువైపులా ఏనుగులే.

సుబ్రహ్మణ్యస్వామి నెమలికైతే కథలే రెండు. తమిళుల కందపురాణంలో శూరపద్ముడనే రాక్షసుడు మామిడిచెట్టుగా మారితే, స్వామి వేలాయుధం వేసి రెండుగా చీల్చాడు. ఒక సగం నెమలి అయి వాహనమైంది, రెండో సగం కోడిపుంజు అయి జెండా ఎక్కింది. మహాభారతం వేరే మాట చెబుతుంది. కుమారస్వామి సేనాపతి అయినప్పుడు దేవతలందరూ తలా ఒక కానుక తెచ్చారట. గరుడుడు తన ముద్దుల కొడుకునే తెచ్చి ఇచ్చాడు, ఆ కొడుకే నెమలి. ఎర్రని జుట్టున్న కోడిపుంజును ఇచ్చింది గరుడుడి అన్న అనూరుడు. సూర్యుడి రథం తోలేవాడు కాబట్టి, తెల్లవారిందని అందరికంటే ముందు చెప్పే పుంజు అతని దగ్గరే ఉండటంలో వింతేమీ లేదు.